గుంజ కింద రాయి

డుంబ్రిగుడ దగ్గరి గూడెంలో తవిటమ్మ ఇల్లంటే ఆడవాళ్లకి లోలోపల కుళ్లు. పెంకుటిల్లే గాని ఎర్రమట్టితో అలికిన గోడలు నిగనిగలాడుతుంటాయి. వారం తిరగకుండా మళ్లీ అలుకుతుంది. నట్టింట్లో దూలాన్ని మోసే గుంజకైతే రెండు పూతలు. కొత్త పంట తినేనాడు మొదటి వెన్ను కట్టేది దానికే. ఇంటి దేవుడు అక్కడే ఉంటాడని వాళ్ల నమ్మకం.

ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం దూలం కిర్రుమంది. కప్పు నడుం వంగింది. మొగుడు బుధు కత్తి మొనతో గుంజని పొడిస్తే కత్తి పిడిదాకా దిగిపోయింది. పూత లోపల చెక్క లేదు. మట్టి, తెల్లగా మెసిలే చెద.

బుధు కిరసనాయిలు పోశాడు. తోటకి కొట్టే మందు పోశాడు. ఆ కంపుకి మనుషులు బయటికొచ్చారుగాని చెద మాత్రం పక్కనుంచి మళ్లీ లేచింది. వానలు ముంచుకొస్తున్నాయి. విత్తనానికి దాచిన చోడి గింజలు ఆ కప్పు కిందే, మంచం పట్టిన అత్త కూడా ఆ దూలం కిందే. తవిటమ్మకి కూడు సయించలేదు. దేవుడు అలిగాడేమోనని గుంజని ఇంకా మందంగా అలికింది.

వడ్రంగి పని చేసే తవిటమ్మ తమ్ముడు గంగరాజు టైడా నుంచి వచ్చాడు. ఉలితో పూత గీకితే నేల నుంచి దూలందాకా మట్టి గొట్టాలు బయటపడ్డాయి. పైన పగిలిన పెంకు నుంచి కారిన నీరు గుంజని తడిపి ఉంచిందని చూపించాడు.

"దేవుడేటి సేత్తాడప్పా? సెద నేల్లోంచి గొట్టం కట్టుకొని ఎక్కుతాది. కనబడితే పొడిసేద్దుం. నువ్వు వారం వారం అలికి కప్పెట్టేసినావు," అన్నాడు అక్కతో.

తవిటమ్మ తన చేతులు చూసుకుంది. "నా సేతుల్తోనే," అంది.

గుంజ మార్చక తప్పదంటే అత్త ఒప్పుకోలేదు. దేవుణ్ణి పీకేస్తే ఇల్లుంటుందా అని ఏడ్చింది. తవిటమ్మ మంచం పక్కన కూర్చుని ముసలామె చెయ్యి పట్టుకుంది.

"గెంటెయ్యం అత్తా. రాయి మీద కూకోబెడతాం."

ముందు దూలానికి ఊతలు పెట్టి, పెంకులు దించి బరువు తీశారు. పుచ్చిన గుంజని పొయ్యిలో పెట్టకుండా ఊరి బయట కాల్చారు. మోకాలెత్తు రాయి పాతి, దాని మీద వేగిస మాను చేవతో కొత్త గుంజ నిలిపారు, కర్ర మట్టిని తాకకుండా. పగిలిన పెంకులు మార్చారు. తవిటమ్మ లేపి పట్టుకుంటే, పాత గుంజ నుంచి విప్పి దాచిన వెన్నుల్ని అత్త తన చేత్తోనే కొత్త గుంజకి కట్టింది. రాయిని ఎప్పుడూ అలకొద్దని, వారానికోసారి చుట్టూ చూడమని చెప్పి గంగరాజు వెళ్లాడు.

వాన పడింది. కప్పు నిలిచింది. తవిటమ్మకి మాత్రం నిద్ర నిలవలేదు.

ఒక ఉదయం పక్కింటి రత్న వచ్చి నట్టింట్లో బోసి రాయిని చూసి నవ్వింది. "ఇక్కడ అలకడం మరిసిపోనావేటి వదినా?"

తవిటమ్మ అటు చూసింది. రాయి మీద అగ్గిపుల్లంత మట్టి గీత పైకి పాకుతోంది. గోటితో గీకింది. లోపల తెల్లగా చెదపురుగులు కదిలాయి. గీత మొదలు దాకా, నేల దాకా గీకి, వేళ్లు దులుపుకుని, రాయికి అవతలి వైపు చూడ్డానికి వంగింది.