తువ్వాలు ముడి

పైపులైనులో ఎక్కడైనా పని సగంలో ఆగితే, ఊరికి నీళ్ళు వదిలే మాదన్న భుజమ్మీది తువ్వాలు కొసన ఒక ముడి వేసుకుంటాడు. పని ముగిస్తే విప్పుతాడు. పంతొమ్మిదేళ్ళుగా ఊరి ట్యాంకు, మోటరు, వాల్వులు అన్నీ ఆ ముళ్ళ లెక్క మీదే నడిచాయి. ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది ఆ ఊరు.

జనవరి ఆఖరు నుంచి కాలనీ చివరి కొళాయికి నీళ్ళు రాలేదు. ఆ కొళాయి ఈరమ్మ ఇంటి ముందరిది. అడిగినప్పుడల్లా మాదన్న ఒకే మాట చెప్పాడు. "మీది మిట్ట అవ్వా. నడుమ ఇండ్లోల్లు మోటర్లు పెట్టి గుంజుతాండారు. నేనేం జేసేది?"

ఈరమ్మ లక్ష్మప్ప చేనులోని బోరు నుంచి నీళ్ళు మోసింది. ఏప్రిల్‌లో బోరు దగ్గర పాచి పట్టిన రాయి మీద కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఈ వయసులో ఆపరేషనుకు గుండె తట్టుకోదని కర్నూలు డాక్టర్లు ఇంటికి పంపించేశారు. అప్పటి నుంచి మంచంలోనే ఉంది.

మే నెలలో కోడలు నాగవేణి ఊరి సచివాలయానికి పోయి అర్జీ ఇచ్చింది. అక్కడి ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉదయ్ మరుసటి రోజు పొద్దున ఆరింటికే, నీళ్ళు వదిలే వేళకు వచ్చాడు. అతనూ మాదన్నా మోటర్లున్న ఇండ్ల కరెంటు తీయించి చూశారు. అయినా చివరి కొళాయి గాలి మాత్రమే ఊదింది.

"మోటర్లు కాదన్నా. ఇంకేదో ఉంది," అన్నాడు ఉదయ్.

ట్యాంకు దగ్గర నుంచి ఒక్కొక్క కొళాయి తిప్పుకుంటూ వచ్చారు. బడి దగ్గర బిందె గబగబా నిండింది. బడి దాటాక కాలనీ మొదటి కొళాయిలో ధార చిటికెన వేలంత కూడా లేదు. రెంటి మధ్యా ఉన్నది ఒక్క వాల్వే.

మాదన్న వాల్వు గుంత మీది బండ తీశాడు. జనవరిలో ఆ వాల్వు కింద లీకేజీ బాగుచేసింది తనే.

వాల్వు తిప్పే ఇనుప తాళం చెవి తగిలించి, ముందు కుడివైపుకు, మూసేవైపుకు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. మూడో చుట్టుకే బిగిసి కూర్చుంది. పద్నాలుగు చుట్లు తిరగాల్సిన వాల్వు అది.

అంతా గుర్తొచ్చింది. ఖాళీ పైపులోకి ఒక్కసారిగా నీళ్ళు వదిలితే గాలి తన్ని అతుకులు ఊడతాయి. అందుకని మూడు చుట్లే తెరిచి, గంట తర్వాత వచ్చి మిగిలింది తెరుద్దామని తువ్వాలుకు ముడి వేసుకున్నాడు. ఇంతలో సర్పంచు ఇంటి సంపు పొంగుతోందని కబురు వచ్చింది. అక్కడ బురదలో దిగి, బురద తువ్వాలుతోనే ఇంటికి పోయాడు. పెళ్ళాం లక్ష్మి దాన్ని ఉతికి ఆరేసింది, ముడి అప్పుడే విప్పి ఉంటుంది. తెల్లారి తువ్వాలు చూసుకుంటే ముడి లేదు. పని అయిపోయిందనుకున్నాడు.

వచ్చిన ఆ కొంచెం నీళ్ళూ ముందరి ఇండ్ల కొళాయిలకే సరిపోయాయి. మిట్ట మీదికి ఎక్కేంత బలం వాటికి మిగల్లేదు.

ఎడమవైపుకు తిప్పడం మొదలుపెట్టాడు. పద్నాలుగు చుట్లకూ నిండా రెండు నిమిషాలు పట్టలేదు.

"లైన్లో మట్టి అడ్డం పడిందని రాస్తాలే అన్నా," అన్నాడు ఉదయ్, పక్కకు చూస్తూ. "ఎవురికి తెలుస్తాది?"

మాదన్న తాళం చెవి ఊడదీశాడు. బండ మూసి చివరి ఇంటి దాకా నడిచాడు.

కొళాయి ముందు తుప్పునీళ్ళు కక్కి, తర్వాత తేటగా పారుతోంది. నాగవేణి బిందె పెట్టింది.

"యాడ పట్టుకుంది?" అంది తల ఎత్తకుండా.

"యాడా పట్టుకోలేదమ్మా. జనవరిలో వాల్వు సగం కూడా ఇప్పకుండా ఇడిసిపెట్టింది నేనే. మర్సిపోయినా."

ఆమె చేతులు బిందె అంచు మీదే ఆగిపోయాయి. "మోటర్లని సెప్తివే."

"సెప్తిని."

"ఎంతసేపు పట్టింది ఇప్పేదానికి?"

"రెండు నిమిషాలు."

లోపలి నుంచి ఈరమ్మ గొంతు వినిపించింది. "ఎవురే వచ్చినారు? మాదన్ననా? నీళ్ళు సప్పుడైతాంది. పాపం, ఎంత తిరిగినాడో. ఆయప్పకు ఇన్ని కాఫీ నీళ్ళియ్యే."

మాదన్న గడప దగ్గరికి పోయాడు. లోపల మంచం, దాని కింద మట్టిచిప్ప, ఒంటేలు వాసన. నాగవేణికి చెప్పిన మాటలే మళ్ళీ చెప్పాడు. ఈసారి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బయట బిందె నిండి పొర్లుతున్న చప్పుడు.

"నీళ్ళు పోతాండాయి సూడు," అంది ఈరమ్మ. "ఇంకో బిందె పెట్టమను."

మాదన్న బయటికొచ్చి నిండిన బిందె పక్కకు తీయడానికి వంగాడు. నాగవేణి అతని చెయ్యి తప్పించి తనే ఎత్తుకుంది.