బ్రాకెట్టు లేని లైను

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఇంట్లోనూ కాలేజీలోనూ అందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ దాన్ని నేనొక గొప్పలాగే చెప్పుకుంటూ వచ్చాను. "అరుస్తాను గానీ మనసులో ఏమీ పెట్టుకోను" అని చేర్చేవాణ్ణి కూడా. అమలాపురంలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పబట్టి పద్నాలుగేళ్ళయింది. నిరుడు ప్రాజెక్టు పరీక్ష అయిన దగ్గర్నుంచీ ఆ మాట నా నోటికి రావడం లేదు.

ఆ అమ్మాయి రాజోలు వైపు నుంచి బస్సులో వచ్చేది. ముందు బెంచీలో కూర్చోదు, అడిగితే తప్ప మాట్లాడదు, ఏం చెప్పినా "ఆయ్" అంటుంది. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు తీస్తాడు, అంటే చెట్లెక్కి కాయలు కోసి దింపుతాడు. ఒక్కో చెట్టుకు దింపు దింపుకూ ఎన్ని కాయలు వచ్చాయో ఆయన చెబుతుంటే రెండేళ్ళుగా రాసిపెట్టి, ఏ చెట్టు కాపు ఎప్పుడు తగ్గుముఖం పట్టిందో గీతల్లో చూపించే ప్రోగ్రాం పైథాన్ భాషలో రాసింది. మిగతావాళ్ళ ప్రాజెక్టులు ఎక్కడెక్కడివో తెచ్చి పేర్లు మార్చినవని నాకు తెలుసు. వాటి మీద నాకు రాని కోపం ఈ పిల్ల మీదే వచ్చింది.

సొంత లాప్‌టాప్ ఉన్నవాళ్ళు దాని మీదే చూపించుకోవచ్చు. లేనివాళ్ళు పెన్‌డ్రైవ్ తెచ్చి మా డిపార్ట్‌మెంట్ లాప్‌టాప్ మీద నడపాలి. ఈ అమ్మాయికి లేదు. పరీక్షకు వారం ముందు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, "సార్, మన లాప్‌టాప్‌లో పాండాస్ ఉందా అండి? గ్రాఫుకి మాట్‌ప్లాట్‌లిబ్ కూడా కావాలండి" అని అడిగింది. పట్టికలకూ గీతలకూ వాడే ఆ రెండు సాధనాలూ పైథాన్‌తో పాటు రావు, విడిగా ఎక్కించుకోవాలి. నా ముందు కమాండ్ విండో తెరిచే ఉంది. "లోపలికి రామ్మా" అని పక్కన నిలబెట్టి, తన కళ్ళ ముందే రెండూ ఎక్కించాను. "అయిపోయింది. ఇక నిశ్చింతగా ఉండు" అన్నాను.

"ఆయ్" అంది.

కాకినాడలో ఒక కంపెనీ వాళ్ళు ఆమెను ట్రైనింగ్‌కి ఎంచుకున్నారు. ప్రాజెక్టులో ఫస్ట్ క్లాసు వస్తేనే చేర్చుకుంటామని షరతు పెట్టారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

పరీక్ష రోజు రాజమండ్రి నుంచి ఎగ్జామినర్‌గా ఒక మేడమ్ గారు వచ్చారు. పొద్దుటి నుంచి ఇద్దరు పిల్లల ప్రోగ్రాములు మొరాయించాయి, ఆవిడ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. మూడోది ఈ అమ్మాయిది. లాప్‌టాప్‌లో కొత్తగా విండో తెరిచి, పెన్‌డ్రైవ్‌లో ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కింది. పాండాస్ అనే మాడ్యూల్ లేదని ఎర్రర్ వచ్చింది.

"ఇంటి దగ్గర రన్ అయ్యిందండి" అంది నెమ్మదిగా.

"అందరూ అదే మాట! ఇంటి దగ్గర నడిచింది ఇక్కడెందుకు నడవదు? ఇది నువ్వు రాసిందేనా, ఎవరి దగ్గరైనా తెచ్చావా?"

"ఆయ్, అక్కదండి. అంటే లాప్‌టాప్..."

"విన్నారా మేడమ్, అక్కదట!" అన్నాను. మేడమ్ గారు ఇబ్బందిగా నవ్వారు. ఆ అమ్మాయి స్క్రీను వైపు వేలు చూపిస్తూ "సార్, ఒక్కసారి ఇక్కడ..." అంది. "నోరు మూసుకుని అవతల నిలబడు" అన్నాను. నిలబడింది.

నేనూ ఈ కోనసీమవాణ్ణే. పెద్దవాళ్ళ ముందు మా పిల్లలు అనే "ఆయ్"కి చాలాసార్లు "విన్నానండి" అన్నంతే అర్థమని, ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలియదా? అక్క లాప్‌టాప్ మీద రాసుకున్నానని చెబుతోందని పసిపిల్లాడికైనా అర్థమవుతుంది. అర్థం చేసుకోవడం ఆ క్షణాన నాకు ఇష్టం లేదు, అంతే. మార్కుల కాగితంలో ఆమె పేరు ఎదుటి గడిలో సున్నా వేసి, "ప్రోగ్రాం పనిచేయలేదు" అని రాసి సంతకం పెట్టాను. మేడమ్ గారు కూడా పెట్టారు.

మర్నాడు పొద్దున్న కాలేజీకి వెళ్ళి, అదే లాప్‌టాప్‌లో పిల్లల హాజరు లెక్కగట్టే నా ప్రోగ్రాం తెరిచాను. దాని కోసం వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకున్నాను. అంటే ఒకే ఇంట్లో వేరు కుంపటి పెట్టుకోవడం లాంటిది. ఈ వంటింట్లో పోసిన పప్పూ ఉప్పూ ఆ వంటింట్లోకి రావు. దాన్ని యాక్టివేట్ చేస్తే కమాండ్ లైను మొదట్లో బ్రాకెట్లలో దాని పేరు కనిపిస్తుంది. కనిపించింది.

వారం కిందట ఆ అమ్మాయి ముందు పాండాస్ ఎక్కించినప్పుడు తెరిచి ఉన్నది ఈ విండోనే. ఎక్కించింది ఈ కుంపట్లోనే. పరీక్ష రోజు కొత్తగా తెరిచిన విండోలో బ్రాకెట్టు లేదు, కాబట్టి అది మామూలు పైథాన్‌ను పిలిచింది. దాంట్లో పాండాస్ ఎలా ఉంటుంది? "నడిపేముందు లైను మొదట బ్రాకెట్టు ఉందో లేదో చూసుకోండర్రా" అని ఏటా క్లాసులో అరిచేవాణ్ణి నేనే.

ఆమె ఫైలు పరీక్షనాడు అందరివీ కాపీ చేసి ఉంచిన ఫోల్డర్‌లో ఉంది. నా విండోలోంచే నడిపాను. వాళ్ళ నాన్న ఎక్కిన చెట్లన్నీ గీతలు గీతలుగా స్క్రీను మీదికి వచ్చాయి. లేచి తలుపు దగ్గరగా వేశాను. సిగ్గేసింది. అంతకు మించి పెద్ద మాట వాడను.

కాగితం ఇంకా ప్రిన్సిపాల్ గారి బల్ల మీదే ఉంది. మళ్ళీ డెమో పెట్టించమని అర్జీ రాశాను. మొదట "నా పొరపాటు వల్ల" అని రాసి, చింపేసి, "సాంకేతిక లోపం వల్ల" అని రాశాను. ఒప్పుకున్నారు. మేడమ్ గారు వీడియో కాల్‌లో చూస్తారన్నారు.

రెండో డెమోకు వచ్చినప్పుడు ఆ అమ్మాయి కూర్చోగానే యాక్టివేట్ చేసింది, బ్రాకెట్టు చూసుకుంది, నడిపింది. గీతలు వచ్చాయి. "చాలా బాగుందమ్మా. మరి ఆ రోజు ఏమైంది?" అని మేడమ్ గారు అడిగారు.

అప్పుడు చెప్పాల్సింది నేను. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, "లాప్‌టాప్‌లో ఏదో ప్రాబ్లమ్ వచ్చిందండి" అంది. నేను తల ఊపాను కూడా. ఫస్ట్ క్లాసు మార్కులు పడ్డాయి.

కాల్ అయ్యాక వరండాలో ఆపాను.

"ఆ రోజు ఏమైందో నీకు తెలుసా అమ్మా?"

"ఆయ్. మీరు ఎక్కించినప్పుడు ఉన్న బ్రాకెట్టు ఆ రోజు లైను ముందు లేదండి. ఎర్రర్ రాగానే చూసేనండి."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెప్పబోయేనండి" అంది. పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకుంటూ, "మీరు నోరు మూసుకోమన్నారు కదండీ" అంది. నిష్ఠూరంగా అనలేదు. హాజరు పిలిస్తే పలికినట్టు అంది.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. మేడమ్ గారి ముందు రాని మాట, ఎవరూ లేని వరండాలో వచ్చింది.

"ఆయ్" అని, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.