బందునాటి వేడి

మంచి పార్టు తీసుకుని తుక్కు పార్టు పెట్టానని నన్ను పదిమందిలో దొంగను చేశారు. ఏ పార్టో అన్నవాడికే తెలియదు.

తెలంగాణ కోసం సిద్దిపేట రోజు విడిచి రోజు బందవుతున్న కాలం. రేడియోలు విప్పుతూ, దొరికిన పుస్తకమల్లా చదువుతూ కంప్యూటర్ల దాకా వచ్చినవాణ్ని నేను. పాత బస్టాండు దగ్గర గేముల సెంటరు నడిపే కోహెడ మనిషి తన పెద్ద కంప్యూటరును నాకు చూపించాడు. ఆట మధ్యలో బొమ్మ ఆగాగి కదిలేది. ఉన్నట్టుండి మొత్తం ఆరిపోయేది.

డబ్బా విప్పి వైర్లు బిగించి చూసి, తర్వాత డ్రైవర్ ప్రోగ్రాం చూశాను. గ్రాఫిక్స్ కార్డుకు పాత డ్రైవర్ మీదే కొత్తది ఎక్కించారు. రెండూ తీసేసి శుభ్రంగా ఒక్కటే వేశాను. టాస్క్ మేనేజర్ తెరిస్తే వెనకాల యాంటీవైరస్ స్కానూ, ఎవరో పెట్టిన సినిమా డౌన్‌లోడూ నడుస్తున్నాయి. ఆపేశాను. ఆ సాయంత్రం ఆట ఎక్కడా ఆగలేదు.

బందునాడు మళ్లీ ఆరిపోయింది. కబురు పంపితే వెళ్లాను. ఆడేవాళ్లందరి ముందే నా మీదికి లేచాడు.

"డబ్బా ఇప్పింది నువ్వే గదా కాకా? మంచి పార్టు గుంజుకొని తుక్కుది పెట్టినవ్."

"ఏ పార్టురా?"

"గది నాకేం ఎర్క? నీకే ఎర్క!"

"కాకా సంచి చూడున్రి" అన్నాడొకడు నవ్వుతూ. నిజంగానే చూశారు. స్క్రూడ్రైవర్లూ, నా సద్ది డబ్బా. అయినా ఆ మాట బజారెక్కింది. ఆ తర్వాత ఏ దుకాణమూ నా చేతికి కంప్యూటరు ఇవ్వలేదు.

మామూలు రోజుల్లో బాగానే నడుస్తోందట. బందునాడే ఎందుకు ఆరిపోతోంది? మరుసటి బందుకు పిలవకుండానే పోయి లోపల కూర్చున్నాను. ఊరేగింపు వస్తోందనగానే అతను షట్టరు నేలదాకా దించాడు. చప్పుడు వినపడొద్దని ఎగ్జాస్టు ఫ్యాను ఆపాడు. వెలుతురు కనపడొద్దని వెనక కిటికీకి గోనెసంచులు కుక్కాడు. బయట జై తెలంగాణ, లోపల తుపాకుల ఆట. అతనూ తెలంగాణ కావాలన్నవాడే. గల్లా మాత్రం బందు కావద్దు.

వేడి చూపే ప్రోగ్రాం పెట్టి అతణ్ని పక్కన నిలబెట్టాను. అంకె తొంభై దాటగానే బొమ్మ ఆగాగి కదిలింది. వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటోందని చెప్పాను. వంద దగ్గర, కాలిపోకుండా మిషను తనంతట తానే ఆరిపోయింది.

ఊరేగింపు పోయాక షట్టరు ఎత్తించి, ఫ్యాను వేయించాను. ప్రాసెసర్ ఫ్యానులో పేరుకున్న దుమ్ము తీసి, వేడిని లాగే పేస్టు కొత్తగా రాశాను. అదే ఆట పెడితే అంకె డెబ్బై దాటలేదు.

"దొంగన్న నోటితోనే కాదని బజార్ల చెప్పు" అన్నాను. అతను కిటికీలోని గోనెసంచులు పీకే పనిలో పడ్డాడు. ఆ తోవన పోయిన ప్రతిసారీ నిలబడి అడిగాను. చివరికి ఒకనాడు నన్ను పక్కకు తీసుకుపోయి అన్నాడు:

"నువ్వు దొంగవు కాదని నాకెర్కనే కాకా. గని గా ముచ్చట చెప్తే, బందునాడు షట్టరేసి లోపట ఆడిపిస్తున్ననని బయటపడ్తది. దుకాణం పలగ్గొడ్తరు. జర ఓపిక పట్టు. తెలంగాణ వచ్చినంక చెప్త."