గుండ్రటి రాతల్లో చిక్కిన గొంతు

తప్పంతా కూర్మారావుదే. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

ఒడిశాలోని రాయగడ బజారులో ఒక హోల్‌సేల్ గోడౌన్లో ముప్పై ఏళ్లు బస్తాలు దింపించిన మనిషి. రెండేళ్ల కిందట గొంతులో పుండు లేస్తే విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇక జన్మలో మాట రాదని డాక్టరు ముందే చెప్పాడు. అందుకని ఆపరేషన్‌కి ముందు వారం రోజులు ఫోనులో తన గొంతుతోనే మాటలు రికార్డు చేసి దాచుకున్నాడు. ‘టీ కావాలి’, ‘కడుపు నిండింది’, ‘వొద్దు, ఆగు’, ‘ఎవులది?’ అంటూ మొత్తం నలభై దాకా. అందులో లేని మాటేదైనా అవసరమైతే తెలుగులో టైపు చేస్తాడు. ఫోను ఎవరో ఆడమనిషి గొంతుతో దాన్ని చదివి పెడుతుంది.

ఆ మంగళవారం ఉదయం ఆయనకో బుద్ధి పుట్టింది. గోడౌన్‌కొచ్చే లారీ డ్రైవర్లు ఒడియావాళ్లు కదా, ఫోను ఒడియాలో కూడా మాట్లాడితే బాగుంటుందనుకున్నాడు. ఒడియా మాట్లాడినంతకాలం ధారాళంగా మాట్లాడాడు గాని, ఆ లిపిలో ఒక్కక్షరం రాదు. అక్షరాల తలలు గుండ్రంగా ఉంటాయని మాత్రం తెలుసు. భాషల జాబితాలో గుండ్రంగా కనబడ్డదాన్ని నొక్కి, పైకి లాగి, అందరికంటే ముందు కూర్చోబెట్టాడు. అది బర్మా భాష.

ఒక్క క్షణంలో ఫోనంతా సున్నాలూ అరసున్నాలూ అయిపోయింది. టైపు చేద్దామంటే అక్షరాల పలక కూడా ఆ గుండ్రాలే. చదివి పెట్టే ఆడగొంతు మూగపోయింది.

భార్య చిలకమ్మ ఆయన్ని ఆటో ఎక్కించి బస్టాండు దగ్గరి మోహిత్ కొట్టుకి తీసుకుపోయింది. మోహిత్ ఫోన్లు బాగుచేస్తాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం మాత్రం రాదు. పైగా కొట్టు నిండా జనం. అతని చేతిలో ఉండే ఫోను వేరే కంపెనీది, అందులో భాషల గది ఉండే చోటు వేరు. ఆ అలవాటుకొద్దీ కూర్మారావు ఫోనులో రెండు మూడు గదుల్లోకి దూరి, ఏ గదిలో ఉన్నాడో తనకే తెలియక విసుక్కున్నాడు.

“ఇలాగవదు పిన్నీ. రీసెట్ కొట్టేస్తాను. కొత్త ఫోన్‌లాగ మొదట్నించి వస్తాది, అప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. లోపలున్నవన్నీ పోతాయి, పర్లేదా?”

“పోనీ బాబూ. ఆయన గొంతు సిమ్ములో ఉంటాది కదా, సిమ్ము తీసేసి నా కొంగున కట్టీసేను,” అంది చిలకమ్మ ధీమాగా.

గొంతు సిమ్ములో లేదు. మొన్నా మధ్య సిమ్ము పాడై రెండు రోజులు లేకపోయినా ‘టీ కావాలి’ అని ఫోను పలికింది. ఉన్నదంతా ఆ పెట్టెలోనే. కూర్మారావు చేతులు అడ్డంగా ఊపాడు. “కంగారు పడకు బాబాయ్, అయిపోతాది,” అని మోహిత్ భుజం తట్టాడు. ఆయన కాగితం లాక్కుని ‘చెరపొద్దు’ అని రాసి చూపించాడు. మోహిత్‌కి చదవడం రాదు, చిలకమ్మకీ రాదు. రాసిన మాట ఇద్దరి ముందూ గడ్డిపోచైపోయింది. రీసెట్ కొట్టడానికి ఫోను అంచునుండే బటన్ల మీదికి మోహిత్ వేళ్లు వెళ్తున్నాయి.

కూర్మారావు ఫోను లాగేసుకున్నాడు.

“ఏటండీ అది! ఆ కుర్రోడు బాగు సేస్తంటే!” అని చిలకమ్మ కసిరింది.

ఆయన వినలేదు. మొదటి తెరకొచ్చి మైకు బొమ్మ నొక్కాడు. లోపల, తాను పెట్టుకున్న పేర్లు తెలుగులోనే, చెక్కుచెదరకుండా ఉన్నాయి! ఫోను మాటలు మారాయి గాని మనిషి దాచుకున్న మాటలు మారలేదు. పైనుంచి మూడోది నొక్కాడు.

“వొద్దు, ఆగు!”

కొట్టులో జనం తిరిగి చూశారు. బొంగురు, గట్టి, గోడౌన్ గొంతు. మోహిత్ నోరు తెరిచాడు. చిలకమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి పోయి అక్కడే ఆగింది.

“ఇందులోనే ఉందేటి? సిమ్ములో నేదేటి?” అంది.

ఆయన తలూపాడు. ఆమె స్టూలు మీద కూలబడింది. తన నోటితో తానే ‘పోనీ’ అన్నందుకు భయపడిపోయింది పాపం.

కూర్మారావు గాజు బీరువాలోకి చూశాడు. తన ఫోనులాంటిదే, అదే మోడల్, అమ్మకానికుంది. దాన్ని చూపించి, ఇమ్మని చెయ్యి చాపాడు. మోహిత్ తీసి ఇచ్చాడు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకున్నాడు. మనిషి నిదానించాడు. ముప్పై ఏళ్లు ఆయన బస్తాల మీది రాత చదవలేదు. బెంగాలీ, హిందీ, ఒడియా, ఏదైతేనేం, చేప మార్కా, నక్షత్రం మార్కా, అడుగునుంచి ఎన్నో వరుస అన్నదే లెక్క. ఇక్కడా అదే పని.

సెట్టింగులకి పళ్లచక్రం బొమ్మ. నొక్కాడు. రెండింటిలోనూ అట్టడుగుకి జరిపాడు. కింద నుంచి పైకి లెక్కపెట్టాడు. ప్రశ్న గుర్తు ఒకటి, ఫోను బొమ్మ రెండు, సున్నాలో ‘ఐ’ గుర్తు మూడు. కొత్త ఫోనులో ఆ మూడోది తెరిస్తే మొదటి వరుసలో భూగోళం, చివరి వరుసలో చుట్టూ తిరిగే బాణం.

“ఆ బాణం తగలనీకు బాబాయ్, అదే చెరిపేసేది,” అన్నాడు మోహిత్. ఇప్పుడతనూ చెమట్లు కక్కుతున్నాడు.

కూర్మారావు తన ఫోనులో అదే గది తెరిచాడు. చెమటకి వేలు జారితే లుంగీకి తుడుచుకుని, భూగోళం నొక్కాడు. అందులో మొదటి వరుస నొక్కాడు. ఒకటో నంబరు గుండ్రాలు. రెండో నంబరు, తేటగా, తెలుగులోనే: తెలుగు.

ఆ పేరు పక్కనున్న గీతల మీద వేలు అదిమి పెట్టి పైకి లాగాడు. ఒక చిన్న పెట్టె లేచి ఏదో అడిగింది. రెండు జవాబులు, రెండూ గుండ్రాలే. బాణం సంగతి గుర్తొచ్చి వేలు గాల్లో ఆగిపోయింది. కొత్త ఫోనులోనూ అలాగే ఒక భాష లాగి చూశాడు. అక్కడ ఎడమది వద్దనేది, కుడిది మార్చమనేది అని మోహిత్ ఇంగ్లీషు చదివి చెప్పాడు. తన ఫోనులో కుడిది నొక్కాడు.

తెర ఒకసారి మినుకుమని తెలుగై నిలబడింది. కూర్మారావుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

మోహిత్ సిగ్గుపడుతూనే మంచి పని చేశాడు. ఫోన్ని కంప్యూటరుకి తగిలించి గొంతులన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి దింపుతూ, సరిగ్గా వచ్చాయో లేదోనని ఒక్కొక్కటీ వినిపించాడు. చిలకమ్మ ఒక్క మాటా వదలకుండా వింది. అన్నీ అయిపోయాక నెమ్మదిగా అడిగింది.

“మరి నా పేరు నేదేటి ఇందల?”

లేదు. మాట ఉన్న రోజుల్లోనూ ఆయన ఆమెని పేరు పెట్టి పిలవలేదు. వాళ్ల ఇళ్లలో మగవాళ్లు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవరు. ముప్పై ఎనిమిదేళ్లూ ‘ఇదిగో’తోనే గడిపేశాడు. దాచుకున్న నలభై మాటల్లోనూ ఆ ‘ఇదిగో’ ఒక్కటే ఆమెది.

కూర్మారావు ఫోను అందుకుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేసి, చదివే బటన్ నొక్కాడు.

“చిలకమ్మా,” అని పిలిచింది ఎవరిదో ఆడగొంతు.

“ఊఁ,” అంది చిలకమ్మ, ఆయన మొహంలోకే చూస్తూ.