బోణీ నొక్కులు

ఆ రోజుల్లో నేను నరసన్నపేటలోని ఒక రైస్ మిల్లులో వేబ్రిడ్జి గుమస్తాను. కాటా మీద లారీ లేనప్పుడు నా చేతిలో పుస్తకం ఉండేది. పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నాకు తెలిసిందంతా శాఖా గ్రంథాలయంలోని నాలుగు బీరువాలు నేర్పిందే. ఆ సంగతి చెప్పుకునే సందు దొరికితే వదిలేవాణ్ణి కాదు.

మా అక్కని ఇచ్చిన ఊరు అక్కడికి బస్సులో ముప్పావుగంట. బావది ఇత్తడి పని. తండ్రి నాటి కొలిమి, ఇద్దరు ముసలి పనివాళ్లు. స్టీలు వచ్చాక చెంబులు కొనేవాళ్లు తగ్గిపోయారు. ఫోన్లలో డేటా చవకైన కొత్తలో బావ తన చెంబుని ఒక ఆన్‌లైన్ మార్కెట్లో పెట్టాడు. నెలకి రెండో మూడో పోయేవి. అదే సమయంలో విశాఖలో ఒక హోటల్ వాళ్లు స్టోర్‌రూమ్ ఉద్యోగం ఇస్తామన్నారు. కార్తీకం వెళ్లేలోగా జవాబు చెప్పాలి.

"చెంబులు కదిలితే కొలిమి ఉంటాది. నేకపోతే ముసలోళ్లిద్దరికీ దండం ఎట్టి నాను విశాఖ ఎల్లిపోతాను. నువ్వు సదువుకున్నోడివి, ఏటైనా సెయ్యరా బామ్మర్దీ," అన్నాడు బావ.

చదువుకున్నోడివి అంటే నాకు చాలు.

ఆ మార్కెట్లో ప్రకటన పద్ధతి ఇలా ఉండేది. కొనేవాళ్లు ఏ మాటలు టైపు చేసి వెతుకుతారో ఊహించి ఆ మాటలు మనం ఎంచుకోవాలి. ఒక్కో మాటకీ, ఒక నొక్కుకి ఇంతవరకూ ఇస్తానని వేలంలో లాగా పాట పాడాలి. పాట గెలిస్తే మన వస్తువు 'స్పాన్సర్డ్' అన్న చిన్న అక్షరాలతో పై వరసలో కనబడుతుంది. ఊరికే కనబడితే డబ్బు పోదు. ఎవరైనా దాని మీద నొక్కితే పోతుంది, కొన్నా కొనకపోయినా. రోజుకి ఇంతే అని హద్దు పెట్టుకుంటే, అది అయిపోగానే ప్రకటన ఆ రోజుకి మాయమవుతుంది.

మొదట నేను ఎంచుకున్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. లోహాల చరిత్ర మీద గ్రంథాలయంలో చదివిన ఒక పుస్తకంలోంచి 'పురాతన మిశ్రలోహ పాత్ర' లాంటివి ఏరి ఇంగ్లీషులో పెట్టాను. వారం రోజులు ఒక్క నొక్కు లేదు. ఈ భూమ్మీద ఎవడూ నీళ్ల చెంబు కోసం అలా వెతకడు. తర్వాత కోపంతో వట్టి 'బ్రాస్' అని పెట్టి, దానికి దగ్గరగా ఉన్న ఏ వెతుకులాటకైనా చూపించమన్నాను. రిపోర్టు తీస్తే ఇత్తడి కుళాయిలు, తలుపు గడియలు కావలసినవాళ్లంతా మా చెంబుని నొక్కి, చూసి, వెళ్లిపోయారు.

మూడోసారి బుద్ధిగా కూర్చుని, హిందీ నిఘంటువు చూసి, ఉత్తరాదివాళ్లు అడిగే 'లోటా', 'కలశ్', మనవాళ్లు అడిగే 'చెంబు' పెట్టాను. కుళాయి, గడియ లాంటి మాటలు ఉంటే చూపించవద్దని అడ్డం వేశాను. చెంబు ఒకటి అమ్మితే కమీషన్లు, కొరియరు, ఇత్తడి, కూలి అన్నీ పోను బావకి మిగిలేది నూట ఎనభై. నొక్కుకి ఏడు రూపాయలు పడుతోంది. అంటే పాతిక నొక్కుల లోపల ఒక చెంబు అమ్ముడుపోవాలి. అంతకు మించితే బావ చేతి డబ్బుతో పరాయివాళ్లకి చెంబు చూపిస్తున్నట్టే. ఈ లెక్క కాగితం మీద రాసి కొలిమి గోడకి అంటించాను. రోజు హద్దు రెండు వందలు.

అప్పుడు మొదలైంది అనుమానం.

ప్రతి రోజూ ఉదయం తొమ్మిది కొట్టేసరికి హద్దు అయిపోయేది. రెండు వందలూ పోయేవి, ఆర్డరు వచ్చేది కాదు. జనం కొనే సాయంత్రం వేళకి మా చెంబు పై వరసలో ఉండేది కాదు. వారం చూశాను. పది రోజులు చూశాను. తెల్లారి లేచి ఫోను చూడాలంటే భయం వేసేది.

బావ మొదట మార్కెట్ వాళ్లని అనుమానించాడు. "ఆళ్లే నొక్కేసుకుంటన్నారేమో. డబ్బులు ఆళ్లకే గదా ఎల్తాయి?"

తర్వాత నన్ను. ఆ మాట నేరుగా అనలేదు. చెంబు అంచు రుద్దుతూ, నా వైపు చూడకుండా అన్నాడు: "రోజూ రెండొందలు కోసేస్తన్నారంటావు. ఆ పద్దు నీ ఫోన్లో తప్ప నాకెక్కడా కనపడదు గదా."

"అంటే ఏటి బావా?"

"ఏటీ నేదు. కనపడదంటన్నాను."

ఆ రాత్రి అన్నం తినకుండా బస్సెక్కేశాను. మర్నాడే వెళ్లి ప్రకటనల లాగిన్ వివరాలన్నీ ఆయన ఫోన్లో పెట్టాను. అయినా ఆ మాట మా ఇద్దరి మధ్య చాలా రోజులు ఉండిపోయింది.

నా అనుమానం మాత్రం నరసన్నపేట బజారులోని సామాన్ల షావుకారు మీద. ఆయన కూడా అదే మార్కెట్లో ఇత్తడి చెంబులు పెట్టి ప్రకటన ఇచ్చాడు. మా ధర కంటే ఆయనది కాస్త ఎక్కువ. పొద్దున్నే కొట్లో కూర్చుని మమ్మల్ని నొక్కిస్తే సాయంత్రం బేరాలు ఆయనవే. పుస్తకాల్లో ఇలాంటి వ్యాపారుల కుట్రలు ఎన్నో చదివినవాణ్ణి కనుక నాకు రుజువు అక్కర్లేకపోయింది. టీ కొట్టు దగ్గర ఆయన కనబడితే ముఖం తిప్పుకునేవాణ్ణి. ఆయనా నన్ను అదోలా చూసేవాడు. ఆ చూపే రుజువనుకున్నాను.

చివరికి జనం ఏ మాటలు టైపు చేశారో చెప్పే రిపోర్టు దింపాను. అది రెండు మూడు రోజులు వెనకబడి వస్తుంది. చూసి కుర్చీలోంచి లేచాను. నొక్కుల్లో ముప్పాతిక వంతు ఒకే వెతుకులాట నుంచి. బావ ఊరి పేరు, దాని పక్కన చెంబు. ఆర్డర్లు సున్నా. ఢిల్లీలో ఎవడికి తెలుసు ఆ ఊరు? ఈ జిల్లా మనిషే, అదీ ఇత్తడి సంగతి తెలిసిన మనిషే చెయ్యాలి. షావుకారు దొరికిపోయాడనుకున్నాను.

ఆ ఆదివారమే రిపోర్టు ప్రింటు పట్టుకుని బావ ఇంటికి వెళ్లాను, ఇద్దరం కలిసి షావుకారు కొట్టు మీదకి వెళ్దామని. వెళ్లేసరికి బావ లేడు. వీధి అరుగు మీద అక్క, బావ వాళ్ల మేనత్త కూర్చున్నారు. మేనత్తది కళింగపట్నం వైపు ఊరు, ఎండుచేపల గంపతో రోజూ బావ ఊరికి బేరానికి వస్తుంది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫోన్లో ఒక్కో అక్షరమే నొక్కుతోంది.

"ఏటత్తా, అంత దీక్షగా సూస్తన్నావు?" అన్నాను.

"బోణీ రా నాయనా. మీ బావ సెంబుకి బోణీ సేస్తన్నాను."

నాకు అర్థం కాలేదు. ఫోను ఇటు తిప్పి చూపించింది. బావ ఊరి పేరు, పక్కన చెంబు. పై వరసలో మా ప్రకటన. ఆవిడ దాన్ని వేలితో తాకి, ఆ వేలు కళ్లకద్దుకుని, ఫోను మూసేసింది.

"కొనవా?"

"ఉన్న సెంబులే తోమనేక సస్తన్నాను, మళ్లీ కొనడమేటి? కొత్త కొట్టెడితే అయినోళ్లు పొద్దున్నే ఎల్లి సరుకు ముట్టుకోవద్దా? నా గంప కాడికి మీ అక్క రోజూ రాదా ఏటి? కొంటాదా? ముట్టుకుని ఎల్లిపోతాది. ఇదీ అంతే."

అక్క నవ్వుతూ అంది: "నానే రాశాను రా కుటుంబం గ్రూపులో. లెగిసిన ఎంటనే ఊరి పేరూ సెంబూ అని కొట్టండి, పైన వస్తాది, ఒక్కసారి నొక్కండి అని. ఇరవై రెండు మంది. ఒక్కలు కూడా తప్పడం నేదు, తెలుసా?"

చేతిలో ప్రింటు మడతపెట్టి జేబులో పెట్టేశాను. ఒకే మనిషి పదే పదే నొక్కితే మార్కెట్ వాళ్లు ఆ నొక్కులు తీసేస్తారు. ఇరవై రెండు ఊళ్ల నుంచి, ఇరవై రెండు ఫోన్ల నుంచి, మనిషికొకటి చొప్పున వచ్చే నొక్కులు నిజమైన బేరాల్లాగే ఉంటాయి. తప్పు ఎవరిదని చెప్పను? ఒక్క నొక్కుకి ఏడు రూపాయలు పోతాయన్న సంగతి గోడ మీద రాసింది నేను. అక్కకి చెప్పాలని తోచనివాణ్ణీ నేనే.

చెప్పాను. అక్క ముఖం వాడిపోయింది. మేనత్త మాత్రం ఎదురుతిరిగింది.

"ముట్టుకుంటే డబ్బులు తీసుకునే కొట్టు ఏటి కొట్టురా అది? దొంగముండాకొడుకులు."

ఇరవై రెండు మందికి బోణీ మానమని చెప్పడం అక్కకి మనసొప్పలేదు. కొత్త కొట్టుకి అది అపశకునం. అందుకని ఆ వెతుకులాటనే అడ్డం వేసేశాను. ఇకమీదట ఆ మాటలు కొడితే ప్రకటన రాదు, కింద మామూలు వరసలో చెంబు ఉంటుంది, దాన్ని నొక్కితే ఖర్చు లేదు. వాళ్ల బోణీ వాళ్లు చేసుకోవచ్చు.

ఆ రాత్రి బావకి అంతా చెప్పాను. చేతిలోని చెంబు పక్కన పెట్టాడు. "నిన్నొక మాటన్నాను," అన్నాడు. మర్నాటి హద్దు ఎంత పెట్టమంటావని అడిగాను.

ఇప్పుడు నొక్కులు నిజమైనవి. లోటా, కలశ్ అన్న రెండు మాటల మీదే రెండు వారాలు నడిపాం. ప్రకటన సాయంత్రాలు కూడా నిలిచింది. నూట నలభై అయిదు నొక్కులు, మూడు చెంబులు. బావ మొదటి చెంబుకి కొబ్బరికాయ కొట్టాడు. రెండోదానికి నా భుజం తట్టాడు. గోడ మీద లెక్క మాత్రం మారలేదు: చెంబుకి పాతిక నొక్కులు దాటకూడదు, దాదాపు యాభై పడుతున్నాయి. పాట నాలుగు రూపాయలకి తగ్గించి చూశాను. ప్రకటన ఎక్కడో అడుగున పడిపోయింది, నొక్కులే లేవు.

"ఆపేద్దాం బావా."

"ఇంకొక్క వారం. మూడు పోనాయి గదరా!"

"పోయిన మూడింటికీ మన జేబులోంచే ఇచ్చాం. పోయినకొద్దీ ఇస్తాం."

"కార్తీకం ఇంకా ఉన్నాది."

"లెక్కకి కార్తీకం తెలీదు బావా."

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లి ఆ కాగితం చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను తీసి, నన్ను ముట్టనివ్వకుండా, తనే ప్రకటన ఆపేశాడు.

మర్నాడు మేమిద్దరం చెంబుల గోనె మోసుకుని షావుకారు కొట్టుకి వెళ్లాం. టోకున తీసుకుంటాడేమో అడగడానికి. నాకు ఆయన కళ్లలోకి చూడాలంటే మొహమాటంగా ఉంది. ఆయన ఒక చెంబు ఎత్తి, గోటితో మీటి, మోత విన్నాడు.

"ఆన్‌లైన్లో పోవడం నేదా ఏటి?"

"ఊరికే పోయేవి పోతన్నాయి. ప్రకటన ఆపేశాం," అన్నాడు బావ.

షావుకారు నా వైపు తిరిగాడు. "నాను రెండో వారంలోనే ఆపేశాను గుమస్తా. పొద్దున్నే ఎవులో నొక్కేస్తన్నారు. ఇన్నాళ్లూ నువ్వే అనుకున్నాను. పుస్తకాలు సదివినోడివి గదా, ఇలాటియ్యన్నీ నీకే తెలుస్తాయని."

మేనత్త వేలు గుర్తొచ్చింది. ఆ వెతుకులాటకి పై వరసలో మాది ఒక్కటే వచ్చేదని ఎవరు చెప్పారు? ఆవిడ కళ్లజోడుకి మా చెంబూ షావుకారు చెంబూ ఒకటే. కళ్లకద్దుకున్నవాటిలో సగం ఎవరివో?

బావా నేనూ ఒకరినొకరు చూసుకోలేదు.

షావుకారు నెలకి నలభై చెంబులు తీసుకుంటానన్నాడు. ధర తక్కువే. కాని కొలిమికి వారంలో మూడు రోజులు పని. బావ విశాఖ వాళ్లకి ఫోను చేసి రానని చెప్పాడు. కొట్టు బయటికి వచ్చాక నా చెవిలో అన్నాడు: "గ్రూపులో మీ అక్క సేత రాయించాలి. బోణీ సెయ్యొచ్చుగాని, మన పేరు సదివి మరీ నొక్కమని."