అర్జీ మీద నా సంతకం
గొర్రెలమ్మి బ్యాంకులో వేసిన డబ్బు నేను తీయకుండానే తగ్గింది. సర్వీసు ఛార్జీ కింద కోసుకున్నారట. దాన్ని తిరిగి జమచేసి, ఎందుకు కోశారో రాసివ్వమని, రాత్రిబడిలో నేర్చిన అక్షరాలతో అర్జీ రాసి, సంతకం చేసి పంపాను. జవాబు రాలేదు. మనసు నిలవక బత్తలపల్లె నుంచి బస్సెక్కి బ్యాంకుకు పోయాను.

గుమాస్తా అర్జీ తిరిగిచ్చాడు. "నీ ఖాతాకు వేలిముద్ర ఉండాది కదమ్మా. ఈ సంతకం ఎవురిదో మాకేం తెలుసు?"

"నాదేనప్పా. నీ ముందరే ఇంగోటి పెడతా, సూడు."

"పెట్టినా రికార్డులో లేదు కదా" అని ఇంకుప్యాడు నా వైపు జరిపాడు.

నేర్చిన చదువు వెనక్కి పోయినట్టనిపించింది. అయినా సంతకం కొట్టేయకుండా, దాని పక్కనే వేలు ఒత్తాను. "జవాబిచ్చేదాకా ఈడే కూచుంటా."

ఆఖరి బస్సుకు ముందు మేనేజరు తెలుగులో రాయించి ఇచ్చాడు: పొరపాటున కోశాం, తిరిగి జమచేశాం. అందినట్టు కింద వేలిముద్ర కాదు, సంతకమే చేయమన్నాడు.