రెండో బెడ్‌రూమ్ పాయింట్లు

ముప్పై ఏళ్ళుగా జగ్గయ్యపేట హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నా. కరెంటు పాఠం వచ్చిందంటే నాకు పూనకం వస్తుందని తోటి టీచర్లు ఆటపట్టిస్తారు. అలాంటిదాన్ని, నందిగామలో నా సొంత ఫ్లాట్‌లో హాలు బోర్డు నుంచి కాలిన వాసన వస్తుంటే వారం రోజులు అగరొత్తులు వెలిగించి కూర్చున్నా. చివరికి ఇస్త్రీపెట్టె పెట్టిన ప్లగ్గు నల్లగా మాడిపోయి పొగ రావడంతో బుద్ధొచ్చింది.

మా స్కూల్లో ఫ్యాన్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్‌నే రమ్మన్నాను. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడు. మాట తక్కువ, కానీ మాట్లాడితే గుచ్చుకునేలా మాట్లాడతాడు. వేసవి సెలవుల్లో ఒక పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కి వచ్చాడు. హాలు బోర్డు విప్పి, లోపలి తీగని వేళ్ళతో నలిపాడు. పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు అటుకుల్లా రాలింది.

"ఇరవై ఆరేళ్ళ వైరు మేడమ్. ఒక్క బోర్డు మారిస్తే ఆగేది కాదు. ఇల్లంతా మార్చాలి."

"తెలుసు. లెక్క కూడా వేసి పెట్టా," అని నా కాగితం తీసి గర్వంగా ఇచ్చాను. టేపు పట్టుకుని గది గదికీ కొలిచి, వైరు ఎన్ని మీటర్లు కావాలో రెండు రోజులు కూర్చుని కట్టిన లెక్క అది. తొంభై మీటర్ల చుట్టలు నాలుగు చాలన్నది నా తీర్పు.

ఆయన కాగితం చూసి, సీలింగు చూసి, మళ్ళీ కాగితం చూశాడు. "మీరు నేల మీద కొలిచారు మేడమ్. వైరు నేల మీద పాకదు కదా. బోర్డు దగ్గర మొదలై గోడెక్కాలి, స్లాబ్‌లోంచి పోవాలి, మళ్ళీ దిగాలి. ఒక్కో పాయింటుకీ పోయే వైరొకటి, వచ్చే వైరొకటి. పైన ఎర్తు."

నాకు తల కొట్టేసినట్టయింది. పోయేదొకటి, వచ్చేదొకటి అని ముప్పై ఏళ్ళుగా పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నదాన్ని నేను. ఇంటికొచ్చేసరికి ఒక తీగే లెక్కేశాను. ఆయన పెద్దమనిషి, నవ్వలేదు. అదే ఇంకా ఎక్కువ మండింది.

తర్వాత ఆయన తన పద్ధతిలో మొదలుపెట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, ఎక్కడ లైటు, ఎక్కడ ఫ్యాను, ఎక్కడ ప్లగ్గు కావాలో నేను చూపిస్తుంటే గోడ మీద చిన్న సున్నా చుట్టడం. సీలింగులో ఉండేవాటికి కింద గోడ మీదే గుర్తు. సున్నా పడితే అది పాయింటు. ఏసీకి మాత్రం రెండు సున్నాలు, దాని లైను విడిగా లాగాలి కాబట్టి రెండు పాయింట్ల కింద లెక్క. చివర్లో గోడల మీద సున్నాలు లెక్కపెట్టి కూలి కడతాడు, పాయింటుకి మూడొందల యాభై. గోడ మీద లేనిది లెక్కలో లేదు, లెక్కలో లేనిది తర్వాత అడిగితే వేరే రేటు.

హాల్లో పది. వంటింట్లో ఆరు. నా గదిలో ఏసీతో కలిపి ఏడు. బయటి బాత్రూమ్‌లో మూడు, వాషింగ్ మెషీన్ పెట్టేచోట రెండు. ఇరవై ఎనిమిది అయ్యాక ఆయన రెండో బెడ్‌రూమ్ గుమ్మంలో ఆగాడు.

"ఈ గది?"

అది మా అక్క గది. బావ పోయాక పద్నాలుగేళ్ళు నాతోనే ఉంది. నాకు పెళ్ళి లేదు, కూతురు కాపురానికి వెళ్ళాక తనకి నేను తప్ప మాట్లాడే మనిషి లేదు. ఇద్దరం పోట్లాడుకుంటూ సుఖంగా బతికాం. నేను స్కూలు నుంచి వచ్చే బస్సు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి తిట్టేది. పోయిన ఏడు మైలవరంలో ఉన్న కూతురికి పురుడంటే మూడు నెలలకని వెళ్ళింది. పదకొండు నెలలైంది. మొదట్లో ఫోన్‌లో "వచ్చే నెల వస్తున్నా" అనేది. తర్వాత అనడం మానేసింది. ఎప్పుడొస్తావని నేనూ అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుందని భయం.

"ఈ గదిలో కూడా వెయ్యండి," అన్నాను. "రెండు లైట్లు, ఫ్యాను, రెండు ప్లగ్గులు. ఏసీ కూడా." ఆ గదిలో ఎప్పుడూ ఏసీ లేదు. ఎండాకాలమంతా తడిగుడ్డ మెడకి చుట్టుకుని, నందిగామ ఎండకి శాపనార్థాలు పెడుతూ గడిపేది అక్క. మైలవరంలో అల్లుడు ఏసీ పెట్టించాడు. ఇక్కడా ఉంటే వస్తుందేమోనని నా ఆశ. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే.

ఆ గదికి ఏడు, దాని బాత్రూమ్‌కి మూడు. మొత్తం ముప్పై ఎనిమిది సున్నాలు.

డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆయన లెక్క రాశాడు. లైట్లకీ ఫ్యాన్లకీ ఒకటిన్నర సైజు వైరు అయిదు చుట్టలు, గీజర్లకీ వంటింటి పెద్ద ప్లగ్గుకీ వాషింగ్ మెషీన్‌కీ రెండున్నర సైజుది రెండు చుట్టలు, ఏసీలకి నాలుగు సైజుది ఒకటి, ఎర్తుకి పచ్చ వైరు రెండు. మొత్తం వైరే ఇరవై నాలుగు వేల రెండొందలు. స్విచ్చులు, ప్లేట్లు పన్నెండు వేలు. మెయిన్ బోర్డు, అందులో ఏ గదికా గది కరెంటు ఆపే బ్రేకర్లు ఆరువేలు. పాయింట్ల కూలి పదమూడు వేల మూడొందలు. మెయిన్ బోర్డు బిగించడానికి రెండువేలు. యాభై ఏడు వేల అయిదొందలు.

నా దగ్గర ఉన్నది యాభై వేలు. జీతం లోన్లకి పోగా దాచింది అంతే. ఆయనకి నా మొహం చూస్తే అర్థమైనట్టుంది. పెన్ను గదుల వైపు తిప్పాడు.

"ఆ రెండో గది తీసేస్తే పదకొండు వేలు తగ్గుద్ది. నలభై ఆరున్నరలో అయిపోద్ది. ఆ గదిలో ఎవరుంటారండీ?"

"మా అక్క."

"ఊరెళ్ళారా?"

"ఆఁ."

"వస్తారా, రారా అనేది ఇప్పుడే తేల్చుకోవాలి మేడమ్. కొత్త వైరు పాత వైరు చివరకి కట్టే లాగుతాం. పాతది ఉంచితే ప్రమాదం, ఉంచలేం. ఉత్తగా పీకేసి ఖాళీ పైపు వదిలేస్తే, రేపు మళ్ళీ వైరు వెయ్యాలంటే పైపులో ఎక్కడ సిమెంటు అడ్డుందో తెలీదు. గోడ పగలగొట్టాల్సి రావచ్చు. సాయంత్రానికి చెప్పండి, పేటలో సామాను తీసుకుని రేపొస్తా."

పదకొండు నెలలుగా నేను అడగకుండా దాటవేసిన ప్రశ్న ఈయన సుద్దముక్కతో పాటు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. కోపం వచ్చింది. ఆయన మీద ఎందుకు కోపమో నాకే తెలీలేదు.

ఆయన వెళ్ళాక అక్కకి ఫోన్ చేశాను. వెనక పిల్లాడి ఏడుపు, కుక్కర్ కూతలు. వస్తావా అని అడగలేకపోయాను. "వైరింగ్ మార్పిస్తున్నానే. నీ గదిలో ప్లగ్గు మంచానికి ఏ పక్కన పెట్టించమంటావు?" అన్నాను.

"నా గదిలోనా?" అంది. "ఎంతవుద్దేంటి?"

"పదకొండు వేలు. ఏసీ లైనుతో కలిపి."

"నీకేమన్నా మతిపోయిందా? ఏడాదికి రెండు పండగలకొచ్చే మనిషికి పదకొండు వేలు పోస్తావా? వద్దు, తీసెయ్. నేనొస్తే నీ గదిలో నీ దగ్గరే పడుకుంటాలే. వాడు మంచం దిగుతున్నాడు, ఉండు, మళ్ళీ చేస్తా."

ప్రేమగానే అంది. నా డబ్బు గురించి బెంగపడే అంది. అందుకే తిట్టడానికి కూడా ఏమీ దొరకలేదు. ఏడాదికి రెండు పండగలు. ఆ మాట తను ఎప్పుడో అనుకుని ఉంటుంది, నాకు చెప్పడం మర్చిపోయింది, అంతే.

నేను ఆ గదిలోకి వెళ్ళి చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. తర్వాత లేచి, చీర కొంగుతో గోడ మీద ఏసీ సున్నాలు రెండూ తుడిచాను. నల్లబల్ల తుడవడం చేతికి అలవాటైన పనే. ప్లగ్గులవి రెండు, రెండో లైటుది ఒకటి, బాత్రూమ్‌లో మూడు. ఒక లైటు, ఒక ఫ్యాను మిగిల్చాను. మొత్తం ఎత్తేయడానికి చెయ్యి రాలేదు. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి ముప్పై పాయింట్లని చెప్పాను. "మంచిదండి. ఇంకో పదిహేనొందలు పెరుగుద్ది, నలభై ఎనిమిదిలో తేల్చేద్దాం," అన్నాడు.

పని అయిదు రోజులు పట్టింది. ఆయనా, ఆయన తమ్ముడూ పాత వైర్లు లాగుతుంటే గోడల్లోంచి ఇరవై ఆరేళ్ళ దుమ్ము రాలింది. ఆ అయిదు రోజులూ ఇంట్లో మనుషుల అలికిడి ఉండటం నాకు ఎంత బాగుందో వాళ్ళకి తెలీదు. రోజుకి మూడుసార్లు టీ పెట్టి ఇచ్చాను. నాలుగోసారి అడిగితే ఆయన మొహమాటంగా వద్దన్నాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం తమ్ముడు మిగిలిన వైరు షాపులో తిరిగిచ్చి రావడానికి వెళ్ళాడు. ఆయన మెయిన్ బోర్డు దగ్గర స్టూలేసుకుని నిలబడ్డాడు. ఆయనకో నియమం ఉంది. ఏ గది బ్రేకరు పైకి లేపాలన్నా, ఆ గది పేరు పిలిచి ఎవరున్నారని అడుగుతాడు. ఆ గదిలోంచి మనిషి పలికితేగానీ లేపడు. ఎవరైనా తెలీక తీగ పట్టుకుని ఉంటే ప్రాణం పోతుందని. మామూలుగా పలికేది తమ్ముడు. ఈసారి ఆ పని నాకు పడింది.

"హాలు! ఎవరున్నారు?"

"నేనున్నా. వెయ్యండి." ఫ్యాన్లు తిరిగాయి. వంటింట్లో పలికాను, నా గదిలో పలికాను. సరదాగానే ఉంది, చిన్నపిల్లలాటలా.

"రెండో బెడ్‌రూమ్! ఎవరున్నారు?"

తీరా అక్కడికి వచ్చాక, గోడ మీద నేను తుడిచిన సున్నాల మరకలు చూస్తూ పలకడం మర్చిపోయాను. ఆయన బ్రేకరు లేపలేదు.

"మేడమ్, ఆ గదిలో ఎవరన్నా ఉన్నారా? చెప్తేగానీ వెయ్యను."

"ఉన్నానండీ," అన్నాను. "నేనొక్కదాన్నే. వెయ్యండి."